గేజ్ 15 పౌండ్లు చూపించింది, టేపు నల్లబడింది, అయినా స్పోర్ వైల్ పసుపు రంగులోకి ఎందుకు మారింది?

ప్రశ్న: మా ల్యాబ్‌లో ఉన్నది నిలువు ఆటోక్లేవ్. వాడేసిన కల్చర్ ప్లేట్ల సంచి ఒకటి, కొన్ని ఖాళీ సీసాలు పెట్టి 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు నడిపాం. గేజ్ 15 పౌండ్లు చూపించింది, సంచి మీద టేపు చారలు నల్లగా వచ్చాయి. కానీ సంచి మధ్యలో పెట్టిన స్పోర్ వైల్ మర్నాటికి పసుపు అయింది. ఆటోక్లేవ్‌లో పెట్టని కంట్రోల్ వైల్ కూడా పసుపే. గేజ్ పాడైందా, లేక వైల్స్ మంచివి కావా? టైమ్ 30 నిమిషాలకు పెంచితే సరిపోతుందా?

జవాబు:

మీ వైల్ నిజమే చెబుతోంది. కంట్రోల్ పసుపు అయిందంటే ఆ లాట్‌లో స్పోర్లు బతికే ఉన్నాయి, ఇంక్యుబేటర్ కూడా తన పని తాను చేస్తోంది. గేజ్ మీద కూడా నాకు పెద్ద అనుమానం లేదు. సంచి లోపల గాలి ఉండిపోయింది, మధ్యలో ఉన్న వైల్ దాకా ఆవిరి చేరలేదు అన్నది నా అంచనా. గాలి బయటికి పోయే దారి చూడకుండా టైమ్ ఒక్కటే పెంచితే ఈ సమస్య తీరదు. ఎందుకో కింద లెక్క వేసి చూపిస్తాను. అంతవరకు ఆ సంచి స్టెరైల్ కానట్టే లెక్క. పక్కన పెట్టి చీటీ అతికించండి, మామూలు చెత్తలో కలపనివ్వకండి.

నేను 18 ఏళ్లుగా మైక్రోబయాలజీ ల్యాబుల్లో ఆటోక్లేవ్‌ల పని చూస్తున్నాను. మీరు అడిగిన పరిస్థితి నాకు ఒకటి రెండుసార్లు కాదు, చాలాసార్లు ఎదురైంది. దాదాపు ప్రతిసారీ అపోహ ఒకటే: గేజ్ మీద ముల్లు 15 దగ్గరికి వచ్చింది కాబట్టి లోపల అంతా 121 డిగ్రీలు ఉందనుకోవడం.

ప్రెషర్ దేన్నీ చంపదు. 15 పౌండ్ల ప్రెషర్ బ్యాక్టీరియాకు ఒక లెక్కలోది కాదు, సముద్రం అడుగున అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ప్రెషర్‌లో అవి హాయిగా బతుకుతాయి. చంపేది తడి వేడి. మామూలు వాతావరణంలో నీరు 100 డిగ్రీల దగ్గర మరిగిపోతుంది, ఆ ఆవిరి కూడా అంతకు మించి వేడెక్కదు. మూత బిగించి ప్రెషర్ పెంచితే నీరు మరిగే స్థాయి పైకి జరుగుతుంది. గేజ్ మీద 15 పౌండ్లు అంటే బయటి వాతావరణం ఒత్తిడికి అదనంగా 15 పౌండ్లు, మొత్తం కలిపితే దాదాపు 30. ఆ ఒత్తిడిలో, లోపల ఉన్నది పూర్తిగా ఆవిరే అయితే, దాని వేడి 121 డిగ్రీలు. ప్రెషర్ చేసే పని అంతే, ఆవిరిని ఆ వేడి దాకా తీసుకెళ్లడం.

మరి ఆవిరే ఎందుకు, వేడి గాలి ఎందుకు కాదు? హాట్ ఎయిర్ అవెన్‌లో స్టెరిలైజ్ చేయాలంటే 160 డిగ్రీల దగ్గర 2 గంటలు పెట్టాలి. ఆటోక్లేవ్‌లో దానికన్నా దాదాపు 40 డిగ్రీలు తక్కువలో 15 నిమిషాలు చాలంటున్నాం. తేడా అంతా ఆవిరి నీరుగా మారే క్షణంలో ఉంది. ఒక గ్రాము నీటిని 0 నుంచి 100 డిగ్రీలకు తీసుకెళ్లడానికి 100 క్యాలరీలు చాలు. అదే 121 డిగ్రీల దగ్గర ఒక గ్రాము ఆవిరి చల్లని వస్తువును తాకి నీటిబొట్టుగా మారితే, వేడి ఒక్క డిగ్రీ కూడా తగ్గకముందే 500 క్యాలరీలకు పైగా ఆ వస్తువుకు ఇచ్చేస్తుంది. పైగా ఆవిరి నీరుగా మారగానే దాని పరిమాణం సుమారు 800 రెట్లు కుంచించుకుపోతుంది. అక్కడ ఏర్పడిన ఖాళీలోకి కొత్త ఆవిరి దూసుకొస్తుంది. ఇలా మడతల్లోకి, సందుల్లోకి ఆవిరి తనను తానే లాక్కుంటూ వెళ్తుంది. ఆ తడి కూడా ముఖ్యమే. నీరు ఉన్నప్పుడు సూక్ష్మజీవుల ప్రొటీన్లు చాలా తక్కువ వేడికే గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి. పొడిగా ఉంటే అవే ప్రొటీన్లు మొండికేస్తాయి.

ఇప్పుడు ఈ కథలోకి గాలి వస్తుంది. గాలి నీరుగా మారదు, ఆ 500 క్యాలరీలు దాని దగ్గర లేవు. ఒక వస్తువు చుట్టూ పలచటి గాలి పొర ఉన్నా అది దుప్పటిలా పనిచేస్తుంది, ఆవిరి బయటే ఆగిపోతుంది. రెండో చిక్కు, గాలి కూడా ప్రెషర్‌లో తన వాటా తీసుకుంటుంది. గేజ్‌కు మొత్తం ఒత్తిడి ఒక్కటే తెలుసు, అందులో ఆవిరి ఎంత, గాలి ఎంత అన్నది తెలియదు. ఛాంబర్‌లో గాలి ఒక్క వంతు కూడా బయటికి పోలేదనుకుందాం. అప్పుడు గేజ్ 15 చూపించినా లోపల వేడి 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది. సగం గాలి పోయి సగం ఉండిపోతే సుమారు 112. గాలి పూర్తిగా పోతేనే 121. అంటే ఒకే గేజ్ రీడింగ్‌కు లోపల 100 నుంచి 121 దాకా ఏ వేడైనా ఉండొచ్చు.

112 అంటే 121కి 9 డిగ్రీలే కదా తక్కువ, ఆ మాత్రానికి ఏమవుతుందిలే అనిపిస్తుంది. మీ వైల్‌లో ఉన్న స్పోర్లతోనే లెక్క వేద్దాం.

ఆ వైల్‌లో ఉండేవి జియోబాసిల్లస్ స్టీరోథెర్మోఫిలస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు, అంటే సిద్ధబీజాలు. రోగం కలిగించే బ్యాక్టీరియా కాదు, కానీ తడి వేడిని తట్టుకోవడంలో దీనికి సాటి వచ్చేవి తక్కువ. వీటిని ఆవిరి పరీక్షకు ఎంచుకున్నది అందుకే. 121 డిగ్రీల దగ్గర వీటి సంఖ్య పదో వంతుకు తగ్గడానికి పట్టే కాలాన్ని డి వాల్యూ అంటారు. వైల్స్‌తో వచ్చే కాగితం మీద ఆ లాట్ డి వాల్యూ, స్పోర్ల సంఖ్య రెండూ ఉంటాయి, ఒకసారి చూడండి. డి వాల్యూ 2 నిమిషాలు, స్పోర్లు 10 లక్షలు అనుకుందాం. నిజంగా 121 డిగ్రీల ఆవిరిలో ఉంటే మొదటి 2 నిమిషాలకు లక్ష మిగులుతాయి, 4 నిమిషాలకు 10 వేలు, 6 నిమిషాలకు వెయ్యి, అలా తగ్గుతూ 12 నిమిషాలకు సగటున ఒకటి. 15 నిమిషాలు పూర్తయ్యేసరికి అలాంటి 100 వైల్స్‌లో మూడింటిలో మాత్రమే ఏదో ఒక స్పోర్ మిగిలే అవకాశం ఉంటుంది.

వేడి 10 డిగ్రీలు తగ్గితే ఇదే పనికి 10 రెట్లు సమయం పడుతుందని అంచనా. 9 డిగ్రీలు తగ్గితే సుమారు 8 రెట్లు. అంటే 112 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు నడపడం, 121 దగ్గర 2 నిమిషాలు కూడా నడపనట్టే. 10 లక్షల్లో లక్షకు పైగా బతికే ఉంటాయి. వైల్ పసుపు అవడంలో వింతేముంది? మీరు అడిగినట్టు 30 నిమిషాలకు పెంచినా, 121 దగ్గర 4 నిమిషాలు నడిపినంత ఫలితమే, ఇంకా 10 వేల పైచిలుకు మిగులుతాయి. 15 నిమిషాల అసలు ఫలితం రావాలంటే 2 గంటలు నడపాలి. అదీ మధ్యలో 112 ఉందని ఖాయంగా తెలిస్తే. కట్టేసిన సంచి మధ్యలో ఎంత ఉందో ఎవరికీ తెలియదు, అంతకన్నా చాలా తక్కువే ఉండొచ్చు.

నా అనుభవంలో ఒక కేసు చెబుతాను, మీ సంచికి దగ్గరగా ఉంటుంది. నేను కొత్తగా చేరిన ఒక ల్యాబ్‌లో ప్లేట్ల సంచులను నిండా నింపి, మెడ దగ్గర గట్టిగా ముడి వేసి, లోతైన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి 121 దగ్గర 30 నిమిషాలు నడిపేవారు. స్పోర్ వైల్‌ను సంచి పైన పెట్టేవారు, ప్రతి వారం పాస్. నేను మూడు వైల్స్ పెట్టించాను. ఒకటి సంచి బయట, ఒకటి లోపల మెడ దగ్గర, ఒకటి దారం కట్టి సరిగ్గా మధ్యలో. పక్కనే ఒక టెంపరేచర్ ప్రోబ్ కూడా దించాం. సైకిల్ ముగిసే సమయానికి ఛాంబర్ 121 చూపిస్తుంటే సంచి మధ్యలో ప్రోబ్ 78 దగ్గర ఉంది. సేఫ్టీ క్యాబినెట్‌లో మెడ విప్పి దారం లాగుతుంటే ప్రోబ్ లేకపోయినా విషయం అర్థమయ్యేది. అంచుల్లో ఉన్న ప్లేట్లు కరిగి ముద్దగా అతుక్కుపోయాయి. మధ్యలోవి మాత్రం గుండ్రంగా, కొత్తవాటిలా ఉన్నాయి, లోపలి అగార్ కూడా గట్టిగానే ఉంది. మామూలు డిస్పోజబుల్ ప్లేట్ల ప్లాస్టిక్ 100 డిగ్రీలు దాటితే మెత్తబడి వంకర పోతుంది. అగార్ కరగడానికి దాదాపు 85 పైన వేడి కావాలి. ఆ రెండూ జరగలేదంటే మధ్యలోకి ఆవిరి రాలేదని కళ్లతోనే తెలిసిపోతుంది. బయటి వైల్ ఊదాగానే ఉంది, మెడ దగ్గరిది కూడా ఊదానే, మధ్యలోది రాత్రికే పసుపు అయింది.

సంచి కొలత తగ్గించాం, సగానికి మించి నింపడం మానేశాం. మూతి బాగా తెరిచి, అంచులు వెనక్కి మడిచాం. లోతైన ప్లాస్టిక్ డబ్బా తీసేసి తక్కువ ఎత్తు స్టీల్ ట్రే పెట్టాం. ప్లాస్టిక్ వేడిని అడ్డుకుంటుంది, పైగా లోతు ఉంటే అడుగున గాలి చెరువులా నిలిచిపోతుంది. సంచి లోపల ఒక 200 మిల్లీలీటర్ల నీళ్లు పోశాం, అవి అక్కడే ఆవిరై గాలిని పైకి నెడతాయని. మళ్లీ ప్రోబ్ దించి నడిపితే, ఛాంబర్ 121 చేరిన 22 నిమిషాలకు సంచి మధ్యభాగం 121 చేరింది. చెత్త సంచి కాబట్టి అక్కడి నుంచి కనీసం 30 నిమిషాలు ఉండాలనుకున్నాం. 22, 30 కలిపితే 52, దాన్ని 60 చేశాం. వరుసగా మూడు రోజులు మధ్యలో వైల్ పెట్టి నడిపితే మూడూ ఊదాగానే ఉన్నాయి. అప్పుడే ఆ పద్ధతిని రాసి గోడకు అతికించాం.

ఈ కేసులో టైమ్ పెంచిన మాట నిజమే. కానీ అది ఆవిరికి దారి చేసిన తర్వాత, లోడ్ వేడెక్కడానికి పట్టే ఆలస్యాన్ని కొలిచి పెంచింది. 15 నిమిషాలు అనే అంకె స్పోర్ ఉన్న చోట 121 డిగ్రీలు వచ్చినప్పటి నుంచి లెక్క, ఛాంబర్ 121 చేరినప్పటి నుంచి కాదు. చాలా మెషిన్లలో సెన్సార్ డ్రెయిన్ దగ్గరో ఛాంబర్ గోడ దగ్గరో ఉంటుంది. టైమర్ దాని మాట వింటుంది. మీ సంచి మధ్యలో ఏం జరుగుతోందో దానికి పట్టదు.

మీడియా, నీళ్లు లాంటి ద్రవాలకు కూడా ఇదే వర్తిస్తుంది. సీసాలోని ద్రవం లోపలికి ఆవిరి వెళ్లక్కర్లేదు, లోపల నీరు ఎలాగూ ఉంది, వేడి చేరితే చాలు. కానీ ఆ వేడి గాజులోంచి మెల్లగా వెళ్లాలి. 100 మిల్లీలీటర్ల సీసాలు, 2 లీటర్ల ఫ్లాస్కు ఒకే లోడ్‌లో పెట్టి 15 నిమిషాలు నడిపితే చిన్న సీసాలు ఎక్కువ ఉడికిపోతాయి, ఫ్లాస్కు నడుమ అసలు 121 చేరకపోవచ్చు. ద్రవాలకు ఆ కొలతకు తగ్గ సీల్డ్ ఆంప్యూల్ రకం ఇండికేటర్ దించాలి. మూతలో రంధ్రాలున్న మామూలు వైల్ ద్రవంలో వేయడానికి కాదు. ప్రెషర్ దించేటప్పుడు నెమ్మదిగా వదలాలని మీకు తెలిసే ఉంటుంది, లేకపోతే సీసాలు పొంగి మీడియా అంతా ఛాంబర్ పాలవుతుంది.

మీ ఖాళీ సీసాల సంగతి. మీరు చెప్పలేదు కానీ నిలబెట్టి, మూతలు బిగించి పెట్టారేమో అని అనుమానం. చల్లని గాలి ఆవిరి కన్నా దాదాపు రెట్టింపు బరువు. నిలబెట్టిన ఖాళీ సీసా అంటే గాలితో నిండిన పాత్ర, ఆవిరి పైన తేలుతూ ఉంటుంది, గాలి కదలదు. నేను కొత్తవాళ్లకు చెప్పే చిట్కా: ఆ సీసాలో నీళ్లున్నాయనుకో, నువ్వు పెట్టిన తీరులో అవి కారిపోతాయా? కారిపోతే గాలి కూడా పోతుంది. కారకపోతే పక్కకు పడుకోబెట్టు, మూత వదులు చెయ్యి.

టేపు గురించి రెండు ముక్కలు. ఆ చారలు నల్లబడితే ఆ ప్యాకెట్ బయటి ముఖం కాస్తంత సేపు వేడి ఆవిరిని చూసిందని అర్థం. ఆటోక్లేవ్‌లోంచి వచ్చిన ప్యాకెట్‌ను, ఇంకా పెట్టని ప్యాకెట్‌ను కలిపేయకుండా ఉండటానికి అది పుట్టింది. సంచి మధ్యలో ఏం జరిగిందో అది చెప్పలేదు, చెప్పమని అడగడం దాని మీద అన్యాయం కూడా.

ఇప్పుడు స్పోర్ వైల్ దగ్గరికి వద్దాం. గేజ్, థర్మామీటర్, టైమర్ ఈ మూడూ వేటికవి ఒక్కో కొలత చెబుతాయి. వైల్ మాత్రం ఆ మూడూ కలిసి, ఆ చోట, చావుకు సరిపడా పనిచేశాయా లేదా అన్నది ప్రాణంతో ఉన్న స్పోర్ల మీద చూపిస్తుంది. సైకిల్ అయ్యాక వైల్‌ను చల్లారనిచ్చి, క్రషర్‌లో పెట్టి నొక్కితే లోపలి సన్నని గాజు గొట్టం చిట్లుతుంది, ఊదా రంగు ద్రవం స్పోర్ల పట్టీ మీదికి దిగుతుంది. అది పట్టీని పూర్తిగా తడిపిందో లేదో వెలుతురులో పట్టి చూడండి, చాలామంది ఈ ఒక్క చూపు మానేస్తారు. స్పోర్లు బతికి ఉంటే మొలకెత్తి, ద్రవంలోని చక్కెరను తిని ఆమ్లం వదులుతాయి. బ్రోమోక్రెసాల్ పర్పుల్ అనే రంగు ఆ ఆమ్లానికి పసుపు అవుతుంది. ఎక్కువ వైల్స్‌కు 24 గంటలు చాలు, కొన్నిటికి 48. గంటల్లోనే ఫలితం ఇచ్చే రకాలు కూడా వచ్చాయి, వాటిలో స్పోర్ల ఎంజైమ్ వెలిగే తీరును చిన్న యంత్రం చదువుతుంది.

ఇక్కడ మీరు చేసిన ఒక మంచి పని ఉంది, కంట్రోల్ వైల్ పెట్టారు. దాని విలువ నాకు ఒక సంఘటనతో తెలిసింది. ఒక చోట నన్ను రికార్డులు చూడమని పిలిచారు. ఎనిమిది నెలల పాటు ఒక్క వైల్ కూడా ఫెయిల్ కాలేదు. అంత నున్నటి రికార్డు చూస్తే నాకు సంతోషం కన్నా ముందు టెన్షన్ వస్తుంది. కంట్రోల్ గడిలో అన్నీ ఖాళీలే. వైల్స్ ఎక్కడ పెడుతున్నారని అడిగితే మామూలు బ్యాక్టీరియా కల్చర్లు పెంచే ఇంక్యుబేటర్ చూపించారు. దాని మీద 37 డిగ్రీలు. ఈ బ్యాక్టీరియా వేడి నీటి ఊటల వాటం, పెరగాలంటే 55 నుంచి 60 డిగ్రీలు కావాలి. 37 దగ్గర బతికున్న స్పోర్ కూడా నిద్రపోతూనే ఉంటుంది, వైల్ ఊదాగానే ఉంటుంది. అంటే ఎనిమిది నెలల పాసుల్లో ఒక్కటి కూడా ఏమీ నిరూపించలేదు. ఆటోక్లేవ్ చూపించని వైల్ ఒకటి పక్కన పెట్టి ఉంటే మొదటి వారమే అదీ ఊదాగా ఉండిపోయి గుట్టు బయటపడేది. కంట్రోల్ పసుపు కాకపోతే ఆ రోజు మిగతా ఊదా వైల్స్‌కు అర్థం లేదు. కంట్రోల్ అదే లాట్ వైల్ అయి ఉండాలి, అదే సమయంలో అదే ఇంక్యుబేటర్‌లో పెట్టాలి.

ఇక మీరు ఇప్పుడు చేయాల్సింది. సంచిలో చేయి పెట్టి సర్దొద్దు. క్యాబినెట్‌లో గ్లవ్స్ వేసుకుని మూతి మాత్రం విప్పి వెడల్పుగా తెరవండి, నీళ్లు పోయండి, తక్కువ ఎత్తు ట్రేలో పెట్టండి. మీది నిలువు ఆటోక్లేవ్ కాబట్టి వాల్వ్ మూసే తీరు చాలా ముఖ్యం. నీరు మరగడం మొదలై వాల్వ్‌లోంచి ఆవిరి రాగానే మూసేస్తున్నారా? మొదట వచ్చేది గాలి, ఆవిరి కలిసిన తుంపరలు, ఆగి ఆగి వస్తుంది. అది ఆగకుండా, ఒకే ధారగా, ఒకే శబ్దంతో వచ్చే దాకా ఆగి, ఆ తర్వాత ఇంకో 5 నుంచి 10 నిమిషాలు వదిలాక వాల్వ్ మూయండి. ఈ ఒక్క ఓపిక లేక పాడైన సైకిల్స్ ఎన్నో చూశాను.

ఆ తర్వాత మూడు వైల్స్‌తో నడపండి. ఒకటి ఛాంబర్‌లో ఏ అడ్డూ లేకుండా ఖాళీగా ఉన్న చోట, ఒకటి సంచి మధ్యలో, మూడోది బయట కంట్రోల్‌గా. ఖాళీ చోటుది ఊదా, మధ్యలోది పసుపు అయితే మెషిన్ బాగానే ఉంది, తప్పు లోడ్‌ది. సంచి ఇంకా చిన్నది చేయాలి, ప్రోబ్ దించి వేడెక్కడానికి ఎంత పడుతోందో కొలవాలి. రెండూ పసుపు అయితే మాత్రం మెషిన్ వైపు చూడాలి: వాల్వ్ దగ్గర చెత్త అడ్డుపడిందా, గాస్కెట్ లీక్ అవుతోందా, అడుగున నీరు సరిపడా ఉందా. అప్పుడు గేజ్‌ను, థర్మామీటర్‌ను పక్కపక్కన పెట్టి చదవండి. గేజ్ 15 చూపిస్తూ థర్మామీటర్ 121 కన్నా కింద ఉంటే గాలి ఉన్నట్టే. ఇందులో ఒక మినహాయింపు ఉంది, ఎత్తైన ప్రాంతాలు. 1,500 మీటర్ల ఎత్తులో బయటి వాతావరణం ఒత్తిడే తక్కువ కాబట్టి, గాలి మొత్తం పోయినా గేజ్ 15 దగ్గర లోపల వేడి 118 ప్రాంతంలో ఆగుతుంది. 3 డిగ్రీల లోటు చిన్నదిగా కనిపిస్తుంది కానీ చంపే శక్తి సగానికి పడిపోతుంది. అక్కడ ప్రెషర్ అంకెను నమ్ముకోకుండా వేడిని చూసి నడపాలి. రెండూ ఊదాగా వస్తే తొందరపడి పండగ చేసుకోకండి, అదే లోడ్‌ను అదే తీరులో ఇంకో రెండుసార్లు నడిపి చూడండి.

వైల్ ఊదాగా ఉంటే దానర్థం ఎంతవరకు అన్నది కూడా చెప్పాలి. ఆ సైకిల్‌లో, ఆ చోట, ఆ స్పోర్లు చచ్చాయి, అంతే. లోడ్‌లో దానికన్నా కష్టమైన చోటు ఇంకోటి ఉంటే దాని సంగతి ఈ వైల్‌కు తెలియదు. అందుకే వైల్‌ను ఆవిరి చేరడం అన్నిటికన్నా కష్టమైన చోట పెట్టాలి, చేతికి అందే చోట కాదు. అడుగున డ్రెయిన్ ఉన్న అడ్డ ఆటోక్లేవ్‌లో అయితే ఆ చోటు సాధారణంగా డ్రెయిన్‌కు పైన, అడుగు అరలో ఉంటుంది. ప్రియాన్ల లాంటి వాటికి ఈ 121, 15 లెక్క చాలదు. నూనెలు, పొడులు ఆవిరిని లోపలికి రానివ్వవు, వాటికి ఆటోక్లేవ్ తగదు, వైల్ ఎంత ఊదాగా ఉన్నా సరే.

కామెంట్లలో ఎవరో "15 నిమిషాలకు 100లో మూడు వైల్స్ మిగలొచ్చంటే, మరి 15 నిమిషాలు స్టెరైల్ ఎలా?" అని అడగబోతారు, ముందే చెప్పేస్తాను. వైల్‌లో ఉన్నవి కావాలని ఎంచుకున్న మొండి స్పోర్లు, అవీ 10 లక్షలు. మీ సీసాల మీద ఉండే మామూలు సూక్ష్మజీవులు సంఖ్యలో చాలా తక్కువ, వేడికి చాలా మెత్తన. శుభ్రంగా కడిగిన గాజు సామానుకు ఆవిరి సరిగ్గా తాకితే 15 నిమిషాలు నిజంగానే సరిపోతాయి. కల్చర్ ప్లేట్ల సంచి అలాంటిది కాదు. అందులో ఒక్కో ప్లేటు మీద కోట్ల కొద్దీ బ్యాక్టీరియా ఉంటాయి, పైగా ఆవిరికి దారి ఉండదు. ఆ రెంటినీ ఒకే లోడ్‌లో, ఒకే టైమ్‌తో నడపడం మానేయండి. సంచులకు వేరే సైకిల్, సీసాలకు వేరే సైకిల్.

మూడు వైల్స్ ఫలితంతో పాటు, వాల్వ్ మూసే ముందు ఎన్ని నిమిషాలు ఆవిరి వదిలారో, సంచి బరువు ఎంతో ఇక్కడే రాయండి. మధ్యలోది మళ్లీ పసుపు అయితే అప్పుడు ప్రోబ్ ఎలా దించాలో చెబుతాను.